గడువు దాటిన ప్యాకెట్ అమ్మారు, డబ్బు వాపసు ఇవ్వలేమన్నారు: మేనేజర్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: మార్చి 9న సూపర్‌మార్కెట్‌లో మిగతా సరుకులతో పాటు అర కిలో పాలపొడి ప్యాకెట్ కొన్నాను. రెండు రోజుల తర్వాత పైభాగం కత్తిరించి రెండు చెంచాలు వాడాక, కత్తిరించిన ముక్క మీద ‘ఎక్స్‌పైరీ 02/2025’ అని కనిపించింది. మర్నాడు తీసుకెళ్తే కౌంటర్‌లో అమ్మాయి, ‘ఓపెన్ చేసేశారు కదా మేడమ్, రిఫండ్ రాదు, కావాలంటే వేరేది తీసుకోండి’ అంది. ‘అసలిది మా దగ్గరే కొన్నారని ఏంటి గ్యారెంటీ?’ అని కూడా అడిగింది. బిల్లు కింద ‘నో రిఫండ్’ అని ఉంది. కోపం కొద్దీ మేనేజర్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను కానీ ఇంకా ఇవ్వలేదు. కాపీ మీకు పంపుతున్నాను. ఇదే ఇచ్చేయనా? లేక ఇంకెలా రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఆ ఉత్తరం ఇవ్వకండి. మీ కోపం న్యాయమైనదే, అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ రెండు పేజీలు చదివాక నాకు మీ బాధ అర్థమైంది తప్ప, మీరు కొన్న తేదీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. బిల్లు నంబరు అసలే లేదు. కౌంటర్ అమ్మాయి మాట తీరు మీద అర పేజీ ఉంది గానీ, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఎక్కడా లేదు.

‘మా దగ్గరే కొన్నారని ఏంటి గ్యారెంటీ?’ అన్న మాట మిమ్మల్ని గుచ్చుకుంది. ఎవరికైనా గుచ్చుకుంటుంది. అయితే మీ ఉత్తరం చేతికి రాగానే మేనేజర్ మనసులో మొదట మెదిలేది కూడా సరిగ్గా అదే ప్రశ్న. ఎప్పుడో కొని అలమారలో మర్చిపోయిన పాత ప్యాకెట్‌ను, నిన్నగాక మొన్నటి బిల్లుతో కలిపి తెచ్చేవాళ్లు కూడా ఉంటారు. మీరు అలాంటివారు కాదని ఆయనకు తెలియదు. కాబట్టి ఈ ఉత్తరం చేయాల్సిన పని ఒక్కటే: ఈ ప్యాకెట్, ఈ బిల్లు ఒకదానికొకటి చెందినవే అని చూపించడం. అది తేలిపోతే, గడువు దాటిందా లేదా అనేది ప్యాకెట్టే చెబుతుంది. దాని మీద వాదించడానికి ఆయనకు ఏమీ మిగలదు.

బిల్లు ఉన్నా ఈ అనుమానం ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి. మామూలు ప్యాకెట్ల మీద గీతలతో, కింద 13 అంకెలతో కనిపించే బార్‌కోడ్ ‘ఇది ఫలానా కంపెనీ వాళ్ల ఫలానా రకం అర కిలో పాలపొడి’ అని మాత్రమే చెబుతుంది. నిన్న తయారైన ప్యాకెట్‌కూ, ఏడాది కిందట తయారైన ప్యాకెట్‌కూ అవే అంకెలు. గడువు తేదీ గానీ బ్యాచ్ నంబరు గానీ అందులో ఉండవు. అందుకే కౌంటర్‌లో స్కాన్ చేసినప్పుడు మెషీన్ ఆపలేదు. అందుకే మీ బిల్లు మీద కూడా సరుకు పేరు, ధర, తేదీ, టైమ్ ఉన్నాయి గానీ గడువు తేదీ లేదు. గడువునూ బ్యాచ్‌నూ కూడా ఇముడ్చుకోగల చదరపు కోడ్‌లు ఉన్నాయి. వాటిని వాడే చోట గడువు దాటిన ప్యాకెట్‌ను కౌంటర్ దగ్గరే ఆపేయవచ్చు. కానీ చాలా ప్యాకెట్ల మీద ఇప్పటికీ గీతల కోడే. ఆ లోటును మీ ఉత్తరం పూడ్చాలి.

మీకు బాగా కలిసొచ్చింది ఏంటంటే, కత్తిరించిన ముక్కను పారేయకపోవడం. తేదీ, బ్యాచ్ నంబరు చాలాసార్లు ప్యాకెట్ పై అతుకు మీదే కొడతారు. మనం కత్తెర పెట్టేది కూడా అక్కడే. ముక్క చెత్తబుట్టలోకి పోతే సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ప్యాకెట్‌ను బల్ల మీద పరిచి, ఆ ముక్కను కత్తిరించిన అంచుకు ఆనించి పెట్టండి. కత్తెర పోయిన వంకర రెండు వైపులా ఒకేలా కలుస్తుంది. ముక్క మీద సగం, ప్యాకెట్ మీద సగం ఉన్న రంగు పట్టీలు, అక్షరాలు అతికినట్టు సరిపోతాయి. ఆ రెండింటినీ కలిపి, తేదీ స్పష్టంగా కనపడేలా ఒక ఫోటో తీయండి. పక్కనే బిల్లు పెట్టి ఇంకొకటి తీయండి. ముక్క మీద తేదీ పక్కనో కిందో అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది, అదే బ్యాచ్ నంబరు. దాన్ని కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తేడా చూసుకోండి.

బ్యాచ్ నంబరు ఎందుకంత ముఖ్యమంటే, సరుకు దుకాణానికి వచ్చినప్పటి కాగితాల్లోనో, కంపెనీ నుంచో ఆ బ్యాచ్ ఆ శాఖకు వచ్చిందా లేదా అని మేనేజర్ కనుక్కునే వీలుంటుంది. మీరు ఆ నంబరు ఇచ్చారంటే, ‘నా మాట నమ్మండి’ అని అడగడం లేదు, ‘మీరే సరిచూసుకోండి’ అని అంటున్నారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇంకో పని, వీలైతే ఈరోజే చేయండి. మళ్లీ అదే దుకాణానికి వెళ్లి ఆ పాలపొడి ఉండే అరలో వెనక వరుసలు చూడండి. కొత్త సరుకు సర్దేటప్పుడు పాత ప్యాకెట్లను ముందుకు జరిపి, కొత్తవి వెనక పెట్టాలి. హడావిడిలో కొత్తవి ముందే పెట్టేస్తే పాతవి గోడ వైపుకు నెట్టుకుపోయి అక్కడే ఉండిపోతాయి. గడువు దాటిన ప్యాకెట్ మన చేతికి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. అందుకే అలాంటిది ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఉండే అవకాశమూ ఉంది. కనిపిస్తే, అర మీద ధర చీటీ కూడా వచ్చేలా ఫోటో తీయండి. అదే గడువు, అదే బ్యాచ్ ఉన్న ప్యాకెట్ వాళ్ల అరలోనే దొరికిందంటే ఇక ‘మా దగ్గర కొన్నది కాదు’ అనే మాటే రాదు. కనిపించకపోతే కంగారు పడకండి, మీరు వచ్చి వెళ్లాక తీసేసి ఉండొచ్చు కూడా.

బిల్లు సంగతి మర్చిపోకండి. సూపర్‌మార్కెట్ బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి, సిరాతో కొట్టినవి కావు. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవర్లో ఎక్కువ రోజులు ఉన్నా అక్షరాలు వెలిసిపోతాయి. స్టవ్ పక్కన పెడితే కాగితమే నల్లబడుతుంది. ఇప్పుడే ఫోటో తీసి, ఒక జిరాక్స్ కూడా పెట్టుకోండి. కార్డుతోనో ఫోన్‌తోనో డబ్బు కట్టి ఉంటే ఆ మెసేజ్ దాచండి. బిల్లు మీది టైమ్, మెసేజ్ టైమ్ ఒకటే అయితే బిల్లు మీదేనని కూడా తేలిపోతుంది.

ఇక తేదీ లెక్క. ఉత్తరంలో రెండు తేదీలు పక్కపక్కన, ఒకే వాక్యంలో ఉండాలి: గడువు ఎప్పుడు ముగిసింది, దుకాణం ఎప్పుడు అమ్మింది. మీరు గమనించిన రోజు లెక్కలోకి రాదు. గడువు లోపల కొని, ఇంట్లో ఉంచి, గడువయ్యాక తెరిచి ఉంటే దుకాణం తప్పు కాదు. మీరు రాసిన ఉత్తరంలో ‘11వ తారీకున చూస్తే గడువు దాటి ఉంది’ అని ఉంది. అది చదివినవాళ్లకు కొన్న రోజు గడువు ఉందేమో అనిపిస్తుంది. ఆ వాక్యం మార్చాలి.

మీ ప్యాకెట్ మీద రోజు లేదు, 02/2025 అని నెల, సంవత్సరమే ఉన్నాయి. చాలా కాలం నిల్వ ఉండే సరుకులకు ఇలా వేయడం మామూలే. ఇలా ఉన్నప్పుడు ఆ నెల ఆఖరు రోజు వరకు గడువు ఉన్నట్టు లెక్క. ఆహార లేబుళ్ల విషయంలో దేశాలు ఆధారంగా తీసుకునే కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ పద్ధతినే పాటిస్తుంది. అంటే మీకు 2025 ఫిబ్రవరి 28 వరకు. మీరు ‘ఫిబ్రవరి 1 నుంచే గడువు దాటింది’ అని రాశారు. ఆ ఒక్క పొరపాటు పట్టుకుని ‘లెక్కే తెలియదు’ అని పక్కన పెట్టే వీలు వాళ్లకు ఇవ్వకండి. 28 వరకు అని మీరే ఒప్పుకుని రాసినా, మార్చి 9 నాటికి 9 రోజులు దాటింది. అది చాలు.

ఇదే పరిస్థితిలో ఉన్న ఇతర పాఠకుల కోసం ఒక మాట. కొన్ని ప్యాకెట్ల మీద గడువు తేదీ నేరుగా ఉండదు, ‘తయారైన నాటి నుంచి 6 నెలలు’ అని ఉంటుంది. అప్పుడు తయారీ తేదీ వేరే చోట వెతికి, లెక్క కట్టి, ఆ లెక్కను ఉత్తరంలో విడమరిచి రాయాలి. తయారీ 2024 ఆగస్టు అయితే 6 నెలలకు 2025 ఫిబ్రవరి అవుతుంది, అని. అలాగే 05/04/25 లాంటి తేదీ కనబడితే, ముందున్నది రోజా నెలా అనేది దేశాన్ని బట్టి మారుతుంది. విదేశాల నుంచి వచ్చిన సరుకైతే మరీ జాగ్రత్త. అదే ప్యాకెట్ మీద తయారీ తేదీ కూడా ఉంటే రెండూ కలిపి చూడండి, రెండింట్లో ఏదో ఒకదానిలో సంవత్సరం కాని చోట 12 కంటే పెద్ద అంకె ఉండొచ్చు, అది రోజే. అలా కనబడితే సందేహం తీరిపోతుంది.

తేదీ ముందు ఏ మాట ఉందో కూడా చూసుకోవాలి. ఎక్స్‌పైరీ అన్నా, యూజ్ బై అన్నా ఆ తేదీ తర్వాత అమ్మకూడదు, తినకూడదు అని. బెస్ట్ బిఫోర్ వేరు. ఆ తేదీ వరకు సరుకు నాణ్యతకు కంపెనీ హామీ ఇస్తోంది, దాటాక రుచీ వాసనా తగ్గొచ్చు, కానీ పాడైపోయిందని అర్థం కాదు. బెస్ట్ బిఫోర్ దాటిన సరుకు అమ్మడం కొన్ని దేశాల్లో నేరం కూడా కాదు. మీది ఎక్స్‌పైరీ కాబట్టి ‘గడువు దాటిన సరుకు అమ్మారు’ అని ధైర్యంగా రాయొచ్చు. బెస్ట్ బిఫోర్ అయితే మాత్రం, ‘బెస్ట్ బిఫోర్ తేదీ దాటిన సంగతి చెప్పకుండా పూర్తి ధరకు అమ్మారు’ అని రాయాలి. అంతకు మించి రాస్తే మాట నిలవదు.

ఇప్పుడు మీ పాత ఉత్తరంలో ఏం తీసేయాలో చెప్తాను. కౌంటర్ అమ్మాయి గురించిన అర పేజీ మొత్తం తీసేయండి. ఆమె తప్పు మాట్లాడలేదని కాదు. అది ఉంటే మేనేజర్ ఆ అమ్మాయిని పిలిచి అడుగుతాడు, ఆమె ఇంకోలా చెబుతుంది, వ్యవహారం మీ ఇద్దరి మధ్య మాటల గొడవగా మారిపోయి పాలపొడి పక్కకు పోతుంది. ‘12వ తేదీన కౌంటర్‌లో అడిగాను, వాపసు ఇవ్వలేదు’ అని ఒక్క వాక్యం ఉంచండి.

‘ఇది తిని మా ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయి ఉంటే’ అనే పేరా కూడా వద్దు. ఎవరికీ ఏమీ కాలేదని మీరే రాశారు, సంతోషం. జరగనిదాని గురించి రాస్తే జరిగినదాని బరువు తగ్గిపోతుంది. ఒకవేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఆ చీటీలు దాచాలి, ఫిర్యాదు ఆహార భద్రత అధికారుల దగ్గరికి వెళ్లాలి. అది వేరే ఉత్తరం. దాన్ని, ఒక ప్యాకెట్ డబ్బు వాపసును ఒకే కాగితం మీద కలపకూడదు.

‘కోర్టుకు వెళ్తాను, పేపర్‌కెక్కిస్తాను’ అన్న చివరి వాక్యాలు కూడా తీసేయండి. బెదిరింపు చూడగానే మేనేజర్ ఆ కాగితాన్ని తనకు పైవాళ్లకు పంపేస్తాడు. తన స్థాయిలో అక్కడికక్కడే తీర్చేయగల చిన్న విషయం అక్కడ ఇరుక్కుపోతుంది.

ఇవన్నీ పోగా మిగిలినదాన్ని నేను ఇలా రాశాను. ఖాళీలు మీ బిల్లు, ప్యాకెట్ చూసి నింపుకోండి.

తేదీ: 14-03-2025

మేనేజర్ గారికి,
(సూపర్‌మార్కెట్ పేరు, శాఖ, చిరునామా)

విషయం: గడువు దాటిన పాలపొడి ప్యాకెట్ అమ్మకం – డబ్బు వాపసు కోసం వినతి

అయ్యా,

2025 మార్చి 9న సాయంత్రం (టైమ్)కి మీ దుకాణంలో (నంబరు) కౌంటర్ దగ్గర (కంపెనీ పేరు) పాలపొడి, 500 గ్రాముల ప్యాకెట్ ఒకటి కొన్నాను. బిల్లు నంబరు (...). బిల్లులో ఆ సరుకు (...)వ వరుసలో ఉంది.

ఆ ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ 02/2025 అని, బ్యాచ్ నంబరు (...) అని ముద్రించి ఉంది. అంటే గడువు 2025 ఫిబ్రవరి 28తో ముగిసింది, నాకు అమ్మినది మార్చి 9న. మార్చి 11న ప్యాకెట్ కత్తిరించి రెండు చెంచాలు వాడిన తర్వాత తేదీ గమనించి, వాడకం ఆపేశాను. మార్చి 12న మీ కౌంటర్‌లో చూపించి డబ్బు వాపసు అడిగాను. ప్యాకెట్ తెరిచినందువల్ల ఇవ్వలేమని చెప్పారు.

ప్యాకెట్, తేదీ ఉన్న ముక్క, మిగిలిన పాలపొడి, అసలు బిల్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎప్పుడంటే అప్పుడు చూపించగలను. ఈ బ్యాచ్ మీ శాఖకు వచ్చిందీ లేనిదీ మీ స్టాక్ వివరాలతోనూ, కొన్న సంగతి ఆ సమయంలోని కౌంటర్ కెమెరా రికార్డింగ్‌తోనూ సరిచూసుకోగలరు. రికార్డింగ్ చెరిగిపోకుండా ఉంచవలసిందిగా కోరుతున్నాను.

మార్పిడి నాకు అక్కర్లేదు. బిల్లులో ఈ సరుకుకు నేను చెల్లించిన మొత్తాన్ని, చెల్లించిన పద్ధతిలోనే వాపసు ఇవ్వాలని కోరుతున్నాను. ఇదే బ్యాచ్ ప్యాకెట్లు ఇంకా అమ్మకంలో ఉంటే వెంటనే తీయించాలని కూడా మనవి. మార్చి 21 లోపు రాతపూర్వకంగా జవాబు ఇస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు)

జతపరిచినవి: బిల్లు జిరాక్స్, తేదీ ఉన్న ముక్కను ప్యాకెట్‌కు ఆనించి తీసిన ఫోటో, బిల్లు, ప్యాకెట్ కలిపి తీసిన ఫోటో.

అంతే, ఒక్క పేజీ. అరలో అదే బ్యాచ్ ప్యాకెట్ మీకు దొరికి ఉంటే మూడో పేరా చివర ‘ఫలానా తేదీన ఇదే బ్యాచ్ ప్యాకెట్ మీ అరలో ఉండగా తీసిన ఫోటో కూడా జతచేశాను’ అని చేర్చండి. అప్పుడు ఉత్తరం ఇంకా గట్టిపడుతుంది.

కెమెరా మాట ఎందుకు పెట్టానంటే, ఆ రికార్డింగ్‌లు ఎల్లకాలం ఉండవు. కొన్నాళ్లకు పాతదాని మీద కొత్తది వచ్చి చేరుతుంది. మీరు రాతలో అడిగాక కూడా చెరిగిపోతే, ‘మా దగ్గర కొనలేదు’ అనే వాదన వాళ్ల నోట బలహీనపడుతుంది. నిజానికి ఒక పాలపొడి ప్యాకెట్ కోసం కూర్చుని రికార్డింగ్ చూసే మేనేజర్ అరుదు. ఇంత ధైర్యంగా అడిగారంటే నిజమే అయి ఉంటుందని అనుకుని డబ్బు ఇచ్చేస్తారు. ఉత్తరాన్ని ఆలస్యం చేయకుండా ఇవ్వమనడానికి కూడా ఆ రికార్డింగ్ చెరిగిపోతుందన్నదే కారణం.

‘తెరిచేశారు కదా’ అనే మాటకు ఉత్తరంలో వాదించలేదు చూడండి. తెరిచారని, ఎంత వాడారని, ఎప్పుడు ఆపారని మీరే చెప్పేశారు. దాచడానికి ఏమీ లేదు. తెరవడం వల్ల గడువు దాటలేదు, అమ్మేటప్పటికే దాటింది. ఆ సంగతి రెండు తేదీలే చెబుతాయి. అయితే ఎంత వాడారన్నది మాత్రం లెక్కే. సగం ప్యాకెట్ అయిపోయాక తీసుకెళ్తే అడిగే గొంతు తగ్గుతుంది. అందుకే మిగిలిన పొడిని పారబోయకండి. ప్యాకెట్‌తో సహా ఒక కవర్లో పెట్టి, గట్టిగా కట్టి, ఎవరూ పొరపాటున వాడకుండా మీద రాసి పెట్టండి. పెరుగు, మాంసం లాంటివైతే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే మీ ఇంట్లోనే పాడైందంటారు.

బిల్లు కింది ‘నో రిఫండ్’ గురించి కూడా మీరు భయపడినంత లేదు. ఆ నియమం, కొని ఇంటికెళ్లాక వద్దనిపించినవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టేది. అమ్మకూడని సరుకు అమ్మడం దుకాణం వైపు లోపం. లోపం ఉన్న సరుకు విషయంలో వినియోగదారుడికి చట్టం ఇచ్చిన హక్కును బిల్లు మీది ఒక వాక్యం చెరిపేయలేదన్నది చాలా దేశాల చట్టాల్లో ఉన్న మాటే. కానీ దీన్ని ఉత్తరంలో ముందే ఎత్తకండి. వాళ్లు జవాబులో ఆ నియమం చూపిస్తే, అప్పుడు ‘ఇది నేను మనసు మార్చుకున్న విషయం కాదు, అమ్మిన రోజునే గడువు దాటిన సరుకు’ అని ఒక వాక్యంలో చెప్పండి. వాళ్లు అడగని ప్రశ్నకు మనం జవాబు చెబితే, ఆ ప్రశ్న మనమే అందించినట్టవుతుంది.

మార్పిడి కూడా ఇస్తామంటున్నారు కదా, తీసుకుంటే సరిపోదా అని కొందరికి అనిపించొచ్చు. మీకు నచ్చితే తప్పు లేదు. మీరు వద్దనుకున్నారు కాబట్టి ఉత్తరంలో ఆ మాట స్పష్టంగా పెట్టాను. ‘తగిన న్యాయం చేయండి’ అని వదిలేస్తే వాళ్లకు సులువైన న్యాయం చేస్తారు: ఒక కూపనో, ఇంకో ప్యాకెట్టో. ఏం కావాలో ఒక్కటే అడగాలి, ఎంత మొత్తమో, ఎలా ఇవ్వాలో కూడా చెప్పాలి. పాత ఉత్తరంలో మీరు ఆటో ఖర్చు, మానసిక వేదనకు పరిహారం కూడా అడిగారు. అవి అడిగితే మేనేజర్ చేతిలో నిర్ణయం ఉండదు. బిల్లు మీది ఒక వరుసకు డబ్బు తిరిగివ్వడం మాత్రం చాలా దుకాణాల్లో ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇవ్వడం ఎలా అన్నది చివరి సంగతి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి మేనేజర్‌కు ఇచ్చి, రెండోదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ, వీలైతే దుకాణం ముద్ర వేయించుకోండి. సంతకం పెట్టనంటే గొడవ పడకండి. అదే ఉత్తరాన్ని ఫోటోలతో సహా దుకాణం ఈమెయిల్‌కు పంపండి, లేదా అందినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపండి. అసలు బిల్లు, అసలు ప్యాకెట్ మాత్రం చూపించి వెనక్కి తీసుకోండి. ‘ల్యాబ్‌కు పంపాలి, ఇక్కడ పెట్టి వెళ్లండి’ అంటే, ఫలానా బ్యాచ్ నంబరు గల ప్యాకెట్ ఫలానా తేదీన మీ దగ్గర నుంచి తీసుకున్నామని రాసిచ్చాకే ఇవ్వండి. అది లేకుండా వదిలేస్తే, రేపు మీ చేతిలో ఫోటోలు తప్ప ఏమీ ఉండవు.

వాళ్లు అప్పటికప్పుడే డబ్బు ఇచ్చేస్తే బిల్లు వెనక్కి అడుగుతారు. ఇవ్వండి, కానీ ముందే తీసిన ఫోటో ఉంచుకోండి. వాపసు రసీదు మీద అదే సరుకు పేరు, అదే మొత్తం ఉన్నాయో లేదో కౌంటర్ దాటకముందే చూసుకోండి. కార్డుతో కట్టిన డబ్బు అకౌంట్లోకి తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, అప్పటివరకు ఆ రసీదు పారేయకండి.

21వ తేదీ దాటినా జవాబు రాకపోతే కొత్త ఉత్తరం రాయనక్కర్లేదు. ఇదే ఉత్తరాన్ని, అందినట్టు సంతకం ఉన్న కాపీతో కలిపి సూపర్‌మార్కెట్ ప్రధాన కార్యాలయంలో కస్టమర్ ఫిర్యాదులు చూసే విభాగానికి పంపండి. పైన రెండే వాక్యాలు రాయండి: ‘మార్చి 14న శాఖకు ఇచ్చిన ఈ ఉత్తరానికి జవాబు రాలేదు. దయచేసి పరిష్కరించండి.’ అక్కడా కదలకపోతే మీ ప్రాంతంలో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే కార్యాలయానికి ఇదే కాగితాల కట్ట వెళ్తుంది. గడువు దాటిన సరుకు ఇంకా అరలో కనిపిస్తే దాని కోసం ఇంత దూరం ఆగొద్దు. అది మీ డబ్బుతో సంబంధం లేని విషయం, ఫోటోతో సహా ఆహార భద్రత అధికారులకు వెంటనే చెప్పొచ్చు.

కౌంటర్‌లో ఉన్న ఆ అమ్మాయి గురించి మీకు ఇంకా బాధగా ఉంటే, డబ్బు చేతికొచ్చాక మేనేజర్‌కు నోటితో చెప్పండి. పాలపొడి తేదీలు సరిచూసే పని చాలా దుకాణాల్లో కౌంటర్ వాళ్లది కాదు, అర సర్దేవాళ్లది. ఆ సంగతి కూడా ఆయనకు గుర్తు చేయండి.